పెరటి కూరమడిలో మట్టి పులుపు: ఇంట్లో కొలిచే విధానం, సున్నం మోతాదు తేల్చే పద్ధతి

కూరగాయల మడికి సున్నం వేయవలసిన అవసరం తెలుగు నేలల్లో అందరికీ రాదు. రాయలసీమలోనూ తెలంగాణలోనూ కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లోనూ ఉన్న నల్లరేగడి నేలలు చాలావరకు క్షార స్వభావం గలవి. తవ్వితే సున్నపు గుళికలు కనిపించే నేలలో మళ్ళీ సున్నం చల్లడం అంటే ఉన్న ఇబ్బందిని పెంచుకోవడమే. కారుచౌడు నేలకు కావలసింది సున్నం కాదు, జిప్సం. పులుపెక్కిన మట్టి ముఖ్యంగా వర్షం ఎక్కువగా కురిసే తూర్పు కనుమల మన్యంలో, అంటే అరకు, పాడేరు, చింతపల్లి వంటి చోట్ల ఎర్రమట్టిలో కనిపిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం మెట్ట ప్రాంతాల తేలికపాటి ఎర్ర నేలల్లోనూ, ఏళ్ళ తరబడి యూరియా, అమ్మోనియం సల్ఫేటు వాడిన పెరళ్ళలోనూ ఇది ఉండవచ్చు. ఈ వ్యాసం అటువంటి ఎర్రనేల పెరటిలో 4 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు గల ఒక మడిని ఉదాహరణగా తీసుకొని, మట్టిని కొలవడం నుండి సున్నం కలిపేదాకా జరిగే పనిని వివరిస్తుంది.

మొక్కను చూసి నిర్ణయించడం ఎందుకు సరిపోదు

మట్టి పులుపును ఉదజని సూచికతో, వాడుకలో చెప్పాలంటే పీహెచ్‌తో కొలుస్తారు. 7 తటస్థం, అంతకన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఒక్కొక్క అంకె తగ్గినకొద్దీ ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది కనుక 6.0కీ 5.0కీ మధ్య తేడా చిన్నది కాదు. టమాట, వంగ, బెండ, చిక్కుడు, బీర వంటి కూరగాయలకు 6.0 నుండి 7.0 వరకు ఉంటే చాలు. పాలకూర, బీట్‌రూట్, కాలీఫ్లవర్ అందులో పై అంచును ఇష్టపడతాయి, చిలగడదుంప 5.5 దగ్గర కూడా బాగానే పండుతుంది.

పీహెచ్ 5.5 కన్నా దిగితే మట్టిలోని అల్యూమినియం కరిగి వేళ్ళను దెబ్బతీస్తుంది. అటువంటి మొక్కను పీకి చూస్తే వేళ్ళు పొట్టిగా, మొద్దుగా, పీచు వేళ్ళు లేకుండా కనిపిస్తాయి. వేసిన భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం పట్టి ఉంచడం వలన ఆకులు ముదురు రంగుకో ఊదా రంగుకో తిరిగి, ఎదుగుదల ఆగిపోతుంది. అయితే నులిపురుగులు పట్టినా, నీరు నిలిచినా వేళ్ళు పాడవుతాయి. చలికి కూడా ఆకులు ఊదా రంగుకు తిరుగుతాయి. టమాట కాయ అడుగు నల్లబడడం సున్నపు కొరత అని చాలామంది వెంటనే సున్నం చల్లుతారు గాని, పెరళ్ళలో దానికి ఎక్కువసార్లు కారణం ఒక రోజు ఎండగట్టి మరుసటి రోజు ముంచెత్తే నీటి పద్ధతి. అందువలన లక్షణాలు కొలవమని హెచ్చరించగలవే గాని ఎంత సున్నం వేయాలో చెప్పలేవు.

మొదటి మెట్టు: నమూనా తీయడం

ఇంట్లో చేసే పరీక్షల్లో పొరపాటు కొలిచే పరికరంలో కన్నా నమూనాలోనే ఎక్కువగా దొర్లుతుంది. మడిలో ఒకే చోట పిడికెడు మట్టి తీస్తే అది ఆ పిడికెడు మట్టి సంగతే చెబుతుంది. పైన పడిన ఆకులూ చెత్తా పక్కకు నెట్టి, పారతో 15 సెంటీమీటర్ల లోతున వి ఆకారపు గుంట తవ్వి, దాని ఒక పక్కగోడ నుండి పైనుంచి కిందిదాకా సమాన మందంలో ఒక పలక చెక్కాలి. అడ్డదిడ్డంగా నడుస్తూ 8 నుండి 10 చోట్ల ఇలాగే తీయాలి. పేడకుప్ప ఉన్న చోటు, చెట్టు మొదలు, గట్టు అంచు, బూడిద పోసిన మూల, కొత్తగా సున్నం కొట్టిన గోడ పక్క అర్ధ మీటరు, ఇవన్నీ వదిలివేయాలి. గోడ నుండి రాలిన సున్నం, సిమెంటు వలన అక్కడి మట్టి పక్కనే ఉన్న మడికన్నా ఎంతో క్షారంగా ఉండడం మామూలే.

ఈ మట్టినంతా ప్లాస్టిక్ గుడ్డపై పోసి, గడ్డలు చిదిపి, కలిపి, నీడలో ఆరబెట్టాలి. ఎండలో గాని పొయ్యి మీద గాని ఆరబెట్టకూడదు. ఆరిన తరువాత రాళ్ళు, వేళ్ళు ఏరి, 2 మిల్లీమీటర్ల కన్నాల జల్లెడతో జల్లించాలి. ప్రయోగశాలకు పంపేవారికి అర కిలో సరిపోతుంది గాని, కింద చెప్పే డబ్బాల పరీక్షకు జల్లించిన మట్టి 4 కిలోలకు పైగా కావాలి. కాబట్టి 6 కిలోల వరకు తీసి ఉంచుకోవడం మంచిది. జల్లెడలో మిగిలిన రాళ్ళ బరువును కూడా రాసుకోవాలి. మొత్తంలో నాలుగోవంతు గులకరాళ్ళే అయితే ఆ నాలుగోవంతుకు సున్నం అక్కరలేదు.

రెండవ మెట్టు: కొలవడం

మన ప్రయోగశాలల్లో ఎక్కువగా ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీరు కలిపి కొలుస్తారు. ఇంట్లోనూ అదే పాటిస్తే తరువాత ప్రయోగశాల ఇచ్చిన అంకెతో పోల్చుకోవడం వీలవుతుంది. 20 గ్రాముల ఆరిన మట్టిని శుభ్రమైన గాజు గ్లాసులో వేసి, 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి, అప్పుడప్పుడూ కలుపుతూ అరగంట ఉంచాలి. ఈ నీరు బ్యాటరీ నీళ్ళ పేరుతో బ్యాటరీ దుకాణాల్లో దొరుకుతుంది. అదే దుకాణంలో బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు. అది గంధకామ్లం కనుక సీసా మీది పేరు చదివి కొనాలి. బోరు నీళ్ళు వాడరాదు. వాటిలోని బైకార్బొనేట్ల వలన పుల్లని మట్టి కూడా మంచి మట్టిలా కనిపిస్తుంది.

కొలవడానికి పెన్ను ఆకారంలో ఉండే డిజిటల్ పీహెచ్ మీటరు నాకు అన్నింటికన్నా నమ్మదగినదిగా తోస్తుంది, అయితే దానిని ప్రతిసారీ సరిచూడాలి. దానితో వచ్చే బఫర్ పొడులను చెప్పిన కొలత నీటిలో కరిగించి, ముందు 7 దగ్గర, తరువాత 4 దగ్గర అంకె సరిచేయాలి. క్షార నేల అని అనుమానం ఉన్నవారు 4కు బదులు 9 దగ్గరి బఫర్ వాడాలి. గ్లాసును ఒకసారి కలిపి, మీటరు కొనను ముంచి, అంకె నిలకడగా ఉన్నప్పుడు రాసుకోవాలి. ఒకే మట్టితో మూడు గ్లాసులు చేసి చూస్తే అంకెల మధ్య తేడా 0.2 లోపు ఉండాలి. అంతకు మించితే మట్టి సరిగా కలవలేదనో, మీటరు కొన ఎండిపోయిందనో అర్థం.

మీటరు లేనివారు 4 నుండి 7 వరకు చిన్న చిన్న తేడాలు చూపే పీహెచ్ కాగితం కొనుక్కోవచ్చు. 1 నుండి 14 వరకు చూపే మామూలు కాగితం ఈ పనికి చాలా మొరటు. ఎర్రమట్టి నీరు కాగితానికి తన రంగు అంటిస్తుంది కనుక మట్టి పేరుకునేదాకా ఆగి, పైన తేరిన నీటి చుక్కను మాత్రమే తాకించాలి. కాగితంతో అర అంకె వరకు తేడా రావచ్చు. బ్యాటరీ లేకుండా మట్టిలో గుచ్చితే తేమ, వెలుతురు, పీహెచ్ మూడూ చూపుతామనే ముళ్ళ పరికరాల విషయం వేరు: వాటి ముల్లు మట్టి తడిని బట్టీ లవణాలను బట్టీ కదులుతుంది. వాటిని నమ్మి సున్నం తూచకూడదు.

వంటింటి పరీక్షలకూ హద్దులున్నాయి. ఎర్ర క్యాబేజీ ఆకులు మరిగించిన ఊదా నీరు ఆమ్లంలో గులాబీ రంగుకు, క్షారంలో నీలి ఆకుపచ్చకు మారుతుంది గాని, 5.3కీ 5.9కీ తేడా చెప్పలేదు. పసుపు నీళ్ళు బాగా క్షారంలోనే ఎర్రబడతాయి కాబట్టి పుల్లని మట్టి విషయంలో అవి ఏమీ చెప్పవు. మట్టి మీద వినెగర్ పోస్తే నురగ వచ్చిందంటే అందులో సున్నపురాయి ఉన్నట్టే. అటువంటి మడికి సున్నం అక్కరలేదు, ఈ పని ఇక్కడితో ఆపవచ్చు. అయితే తడి మట్టి మీద వంటసోడా చల్లి నురగ కోసం చూసే పరీక్ష ఆధారపడదగినది కాదు. బాగా పుల్లని మట్టి కూడా చాలాసార్లు కంటికి కనిపించేంత నురగ ఇవ్వదు.

మూడవ మెట్టు: సున్నాన్ని ఎంచుకోవడం

మడికి అన్నింటికన్నా అనువైనది మెత్తగా మరపట్టిన సున్నపురాయి పొడి, అంటే కాల్షియం కార్బొనేట్. ఇది నెమ్మదిగా పనిచేస్తుంది, చేయి కాలదు, మోతాదు కొంచెం అటూ ఇటూ అయినా మొక్కలు చావవు. డోలమైట్ పొడిలో మెగ్నీషియం కూడా ఉంటుంది. వాన నీటికి మెగ్నీషియం కొట్టుకుపోయిన మన్యపు మట్టికి అది మేలు.

గోడలకు వేసే తడి సున్నం, తాంబూలపు సున్నం కాల్షియం హైడ్రాక్సైడ్. 1 కిలో సున్నపురాయి పొడి చేసే పనిని ఇది సుమారు 740 గ్రాములతోనే చేస్తుంది, అదీ రోజుల్లో. వేగమే దీనితో వచ్చే ప్రమాదం: ఎక్కువైతే లేత వేళ్ళు కాలిపోతాయి, చేతులకూ కళ్ళకూ హాని. నీరు తగిలితే ఉడికే రాళ్ళ సున్నాన్ని పెరటి మడిలోకి తేకపోవడమే మంచిది. జిప్సం పీహెచ్‌ను పెంచదు. కోడిగుడ్డు పెంకులు సున్నపురాయి వంటివే అయినా, పిండిలా విసరకపోతే మట్టిలో ఏళ్ళ తరబడి పెంకులుగానే ఉంటాయి. కట్టెల బూడిద పనిచేస్తుంది గాని దాని బలం పొయ్యికీ పొయ్యికీ మారుతుంది కనుక లెక్కకు అందదు.

ముగ్గుపిండి వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. కొన్ని చోట్ల అది నిజంగా సున్నపురాయి పొడే, కొన్ని చోట్ల పలుగురాయి పొడి లేదా మెత్తని బలపపు రాయి పొడి. వినెగర్ ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది: చెంచాడు పిండి మీద వినెగర్ పోస్తే గట్టిగా నురగ వచ్చి పిండి కరిగిపోతూ ఉంటే అది కార్బొనేట్. నురగ రాకపోతే మట్టికి దానితో పని లేదు. డోలమైట్ మాత్రం చల్లని వినెగర్‌లో చాలా మెల్లగా నురగనిస్తుంది కనుక దానికి కొంచెం ఓపిక పట్టాలి. రంగు కలిపిన పిండిని ఏమైనా సరే వదిలివేయాలి.

నాలుగవ మెట్టు: డబ్బాల పరీక్షతో మోతాదు తేల్చడం

పీహెచ్ ఒకటే అయినా రెండు మట్టులకు ఒకే సున్నం సరిపోదు. ఇసుక పాలు ఎక్కువున్న మట్టి కొద్ది సున్నానికే లొంగుతుంది. బంకమట్టి, సేంద్రియ పదార్థం ఎక్కువున్న మట్టి అదే మార్పుకు రెట్టింపు కోరవచ్చు. భూసార పరీక్షా కేంద్రాల్లో దీనికి బఫర్ ద్రావణంతో ప్రత్యేకమైన పరీక్ష చేస్తారు. ఇంట్లో అదే ప్రశ్నను మట్టినే అడగవచ్చు. నెల రోజులు పడుతుంది గాని, పట్టికలు చూసి ఊహించడం కన్నా ఇది ఎంతో నమ్మకమైనది.

నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు తీసుకొని ఒక్కొక్కదానిలో జల్లించిన మట్టి 1 కిలో వేయాలి. మొదటి డబ్బాలో సున్నం వేయకూడదు. మిగతా మూడింటిలో వరుసగా 1, 2, 3 గ్రాముల సున్నపురాయి పొడి కలపాలి. వంటింటి త్రాసు 1 గ్రామును సరిగా తూచలేదు కనుక 10 గ్రాముల సున్నాన్ని 90 గ్రాముల ఆరిన మట్టితో బాగా కలిపి పెట్టుకుంటే, ఆ మిశ్రమం 10 గ్రాములు తూచినప్పుడల్లా 1 గ్రాము సున్నం వచ్చినట్టు. డబ్బాలపై మోతాదు రాసి, పిడికిట నొక్కితే ముద్ద కట్టి నీరు కారనంత తడిగా డిస్టిల్డ్ వాటర్ చిలకరించి, మూతకు రెండు మూడు కన్నాలు పెట్టి, నీడలో ఉంచాలి. వారానికోసారి కలిపి, తగ్గిన తడిని నింపాలి. నాలుగు వారాల తరువాత ఒక్కొక్క డబ్బా నుండి కొంచెం మట్టిని నీడలో ఆరబెట్టి, మొదట కొలిచినట్టే కొలవాలి. సున్నం లేని డబ్బా ఎందుకంటే, తడిగా ఉంచినందుకే పీహెచ్ కొంచెం కదులుతుంది. ఆ కదలికను సున్నం ఖాతాలో వేయకూడదు.

మన ఉదాహరణ మడిలో సున్నం లేని డబ్బా 5.3, 1 గ్రాము వేసినది 6.0, 2 గ్రాములది 6.5, 3 గ్రాములది 6.8 చూపిందనుకుందాం. టమాట, వంగ, చిక్కుడు పండించే మడికి 6.2 లేదా 6.3 చాలు. ఎర్రనేలల్లో 7 కోసం పోటీపడడం అనవసరం. అల్యూమినియం బాధ తీరితే పని సగం పైగా అయినట్టే. అంతకు మించి సున్నం వేస్తే సూక్ష్మపోషకాలు అందకుండా పోతాయి. కాబట్టి 1కీ 2కీ మధ్య, కిలో మట్టికి 1.5 గ్రాములు సరైన మోతాదు.

ఇక మడిలోని మట్టి బరువు. ఒక చదరపు అడుగు విస్తీర్ణంలో అర అడుగు లోతు మట్టి సుమారు 18 కిలోలు తూగుతుంది. 40 చదరపు అడుగులకు 720 కిలోలు, కిలోకు 1.5 గ్రాముల చొప్పున 1,080 గ్రాముల సున్నపురాయి పొడి. అయితే ఎత్తుగా పోసిన గుల్లమట్టి మడి అయితే చదరపు అడుగుకు 15 కిలోలకు మించదు. అప్పుడు 900 గ్రాములే. రెండింటి మధ్య 1 కిలో దగ్గర ఆగడం నా సలహా. సున్నం తక్కువైతే మరో ఆరు నెలలకు కలపవచ్చు, ఎక్కువైతే తిరిగి తీయలేము. ఏ లెక్క ఎంత చెప్పినా 100 చదరపు అడుగులకు ఒకే దఫాలో 2.5 కిలోలకు మించి వేయకూడదు. మిగిలినది తరువాతి కాలానికి వాయిదా వేయాలి.

అయిదవ మెట్టు: మడిలో కలపడం

సున్నం కరగడానికి తేమ కావాలి, వేళ్ళున్న లోతుకు చేరడానికి పార కావాలి. పైన చల్లి వదిలేస్తే అది పై రెండు మూడు సెంటీమీటర్లలోనే ఉండిపోతుంది. వేసవి చివర మొదటి జల్లులు పడ్డాక, మట్టి పొడిపొడిగా విరిగే స్థితిలో ఉన్నప్పుడు పని మొదలుపెట్టడం మేలు. 1 కిలోను రెండు భాగాలు చేసి, గాలి లేని పూట, ముక్కుకు గుడ్డ కట్టుకొని, సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లాలి. వెంటనే 15 సెంటీమీటర్ల లోతు వరకు రెండుసార్లు తిరగవేసి, దంతెతో గడ్డలు పగలగొట్టాలి. తడి మట్టిలో వేస్తే సున్నం తెల్లని ముద్దలుగా కట్టుకుపోతుంది. ముద్ద ఉన్న చోట పీహెచ్ మరీ ఎక్కువ, పక్కన మునుపటిలాగే ఉంటుంది.

తరువాత మడిని తడిగా ఉంచి, నాటడానికి కనీసం రెండు మూడు వారాలు ఆగాలి. సున్నంతో పాటే పచ్చి పేడ, యూరియా, అమ్మోనియం సల్ఫేటు వేస్తే నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. ఘాటు వాసన వచ్చిందంటే అదే. సూపర్ ఫాస్ఫేట్ కూడా ఆ రోజు వేయకూడదు. తడి సున్నం వాడితే ఈ జాగ్రత్తలన్నీ రెట్టింపుగా పాటించాలి.

కంపోస్టు ఏం చేస్తుంది, ఏం చేయదు

బాగా మాగిన కంపోస్టు, వర్మికంపోస్టు సాధారణంగా తటస్థానికి దగ్గరగా ఉంటాయి కనుక పుల్లని మట్టి పీహెచ్‌ను కొద్దిగా పైకి తెస్తాయి. 5.3ను ఒక్క దఫాలో 6.3కు తేవడం వాటి వల్ల కాదు. అయితే వాటిలోని సేంద్రియ ఆమ్లాలు కరిగిన అల్యూమినియంను పట్టేసుకుంటాయి. పీహెచ్ అంకె పెద్దగా మారకుండానే వేళ్ళు బాగుపడడానికి కారణం అదే. మీటరు 5.8 నుండి 6.2 మధ్య చూపే మడికి సున్నం జోలికి పోకుండా ఏటా కంపోస్టు వేస్తే చాలునని నా అభిప్రాయం. 5.5 కన్నా తక్కువైతే సున్నం తప్పదు, కంపోస్టు దానికి తోడు. నడుమ ఉన్న మడి విషయం డబ్బాల పరీక్ష తేలుస్తుంది.

మన 40 చదరపు అడుగుల మడికి సున్నం వేసిన రెండు మూడు వారాల తరువాత, నాటే ముందు 10 కిలోల మాగిన కంపోస్టు పై 10 సెంటీమీటర్లలో కలపాలి. మాగిందో లేదో చూడడానికి పిడికెడు తీసి తడిపి, మూత ఉన్న డబ్బాలో మూడు రోజులుంచాలి. పులిసిన వాసన, అమ్మోనియా వాసన వస్తే ఇంకా మాగలేదు. పట్టణాల్లో మేడ మీది తొట్లలో ఏళ్ళ తరబడి కంపోస్టు మాత్రమే నింపి, బోరు నీళ్ళు పోసేవారికి సమస్య తిరగబడి ఉంటుంది: అక్కడి మట్టి తరచుగా క్షారంగా మారుతుంది. వారు సున్నం ఊసెత్తకముందే కొలవాలి.

తిరిగి కొలవడం, మోతాదు మించితే గుర్తించడం

మూడు నెలల తరువాత ఒకసారి, ఆపై ఏడాదికోసారి అదే కాలంలో కొలవాలి. ఎండాకాలంలో మట్టిలో లవణాలు పేరుకోవడం వలన అంకె కొంచెం దిగుతుంది, వానల్లో కొంచెం ఎక్కుతుంది కాబట్టి మే అంకెను ఆగస్టు అంకెతో పోల్చకూడదు. వానలు ఎక్కువున్న చోట సున్నం ప్రభావం కొన్నేళ్ళలో తగ్గిపోతుంది. ఎరువులు కూడా దానిని తినేస్తాయి: 100 కిలోల అమ్మోనియం సల్ఫేటు పుట్టించే ఆమ్లాన్ని తీర్చడానికి సుమారు 110 కిలోల సున్నపురాయి కావాలి. ఎర్రనేల మడికి ఆ ఎరువును మానడం, ఏటా సున్నం మోయడం కన్నా తేలిక.

సున్నం మించితే ముందుగా లేత ఆకుల్లో తెలుస్తుంది: ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య ఆకు పసుపు లేదా తెలుపుకు తిరుగుతుంది. ఇది ఇనుము అందకపోవడం. పాత ఆకులు మొత్తంగా పసుపుబారితే అది చాలావరకు నత్రజని కొరత, దానికి సున్నం కారణం కాదు. కొలిచి 7.3 దాటితే సున్నం పూర్తిగా ఆపి, కంపోస్టు పెంచాలి. అప్పటికప్పుడు మొక్కను నిలబెట్టడానికి లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కరిగించి, సాయంత్రం పూట ఆకులు తడిసేలా చల్లాలి. వారం పది రోజుల ఎడంతో రెండుసార్లు చల్లాక కొత్త ఆకులు పచ్చగా వస్తే కారణం అదేనని రుజువైనట్టు. ముందే పసుపుబారిన ఆకులు మాత్రం తిరిగి పూర్తిగా పచ్చబడకపోవచ్చు. కొత్త ఆకులు కూడా పసుపుగానే వస్తుంటే నీరు నిలుస్తోందేమో, వేళ్ళకు తెగులు ఉందేమో ఒక మొక్కను పీకి చూడాలి.